12వ బిట్‌కి మైనస్ వచ్చింది: పదో తరగతి జవాబుల షీట్‌తో కఠినత, విచక్షణ సూచికలు

సుజాత_పీఎస్ · శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా పదో తరగతిలో 44 మంది. కిందటి వారం విద్యుత్ పాఠం మీద 20 బిట్లతో పరీక్ష పెట్టాను. మార్కులు వేసి ఊరుకోకుండా, బీఈడీలో చదివిన సూచికలు ఒకసారి నిజంగా కట్టి చూద్దామని, ఎవరు ఏ బిట్‌కి ఏ ఆప్షన్ పెట్టారో మొత్తం షీట్‌లోకి ఎక్కించాను. రెండు సాయంత్రాలు పట్టింది.

మొత్తం మార్కుల ప్రకారం పిల్లల్ని పై నుంచి కిందకి పేర్చి, పై 12 మందిని, కింది 12 మందిని తీసుకున్నాను (44లో 27 శాతం అంటే 11.88). నాలుగు బిట్ల దగ్గర ఆగిపోయాను.

| బిట్ | 44లో సరైనవి | కఠినత | పై 12లో | కింది 12లో | విచక్షణ |
|---|---|---|---|---|---|
| 3 | 42 | 0.95 | 12 | 11 | 0.08 |
| 7 | 25 | 0.57 | 10 | 3 | 0.58 |
| 12 | 22 | 0.50 | 3 | 7 | −0.33 |
| 18 | 9 | 0.20 | 2 | 3 | −0.08 |

3వది విద్యుత్ ప్రవాహానికి ప్రమాణం ఏది అని. 7వది 2, 3, 6 ఓముల నిరోధాల్ని సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత అని. 12వది తీగ పొడవును రెట్టింపు చేస్తే నిరోధం ఏమవుతుంది అని. 18వది ఒక కిలోవాట్ అవర్ అంటే ఎన్ని జౌళ్ళు అని.

12వ బిట్ సరిగ్గా సగం మందికి వచ్చింది. అంతకంటే మంచి ప్రశ్న ఉండదనుకున్నాను. తీరా మైనస్ చూసి గాభరా పడ్డాను. ఎక్కడ పొరపాటు చేశానంటారు?

---

కిరణ్_మ్యాథ్స్ · 9:34

పొరపాటేమీ లేదు మేడమ్. రూల్ సింపుల్. విచక్షణ 0.40 పైన ఉంటే మంచి బిట్, 0.20 కంటే తక్కువైతే పనికిరాదు, మైనస్ వస్తే కొట్టేయడమే. ఆ లెక్కన 7 ఉంచండి, 3, 12, 18 తీసేయండి. మిగిలిన 17 బిట్లకి మార్కులు వేసుకోండి. నేను అలాగే చేస్తాను, పది నిమిషాల పని.

---

లక్ష్మి_పేరెంట్ · 9:52

నేను టీచర్‌ని కాదు, మా అబ్బాయి కూడా పదో తరగతే కాబట్టి చదువుతున్నాను. 3వ బిట్‌కి కఠినత 0.95 అంటే అంత కష్టమైన ప్రశ్న ఇచ్చారా? ఇంకోటి, 12వ బిట్ బాగా చదివే పిల్లల మీద వివక్ష చూపిస్తోందనా మీరనేది? అలా అయితే హెడ్‌మాస్టరుకి చెప్పాలి కదా.

---

రామకృష్ణ_డైట్ · 10:15

లక్ష్మి గారూ, ఆ పేరే అందరినీ తప్పుదారి పట్టిస్తుందమ్మా. కఠినత సూచిక అంటాం గానీ, అది లెక్కపెట్టేది సరైన జవాబు పెట్టినవాళ్ళని. 0.95 అంటే నూటికి 95 మందికి వచ్చిందని. అంకె పెరిగేకొద్దీ ప్రశ్న తేలిక. నలభై ఏళ్ళ కింద నేనూ పరీక్షలో దీన్ని తిరగేసి రాసి మార్కులు పోగొట్టుకున్నాను. ఇక విచక్షణ అంటే వివక్ష కాదు. పాఠం వచ్చినవాణ్ణీ రానివాణ్ణీ ఆ ప్రశ్న ఎంత బాగా విడదీస్తోంది అన్నదే. పై 12లో సరిగ్గా పెట్టినవాళ్ళ లోంచి కింది 12లో సరిగ్గా పెట్టినవాళ్ళని తీసేసి, 12తో భాగిస్తే వచ్చే అంకె అది.

కిరణ్ బాబూ, ఆ 0.40, 0.20 గీతలు రాబర్ట్ ఈబెల్ పెట్టినవి. తప్పని అనను. కానీ గీత చూసి కత్తెర వేస్తే, ఆ మూడు బిట్లకీ వచ్చిన రోగాలు వేరువేరని ఎప్పటికీ తెలియదు. 3వ బిట్ సంగతే చూడు. 44 మందిలో తప్పు పెట్టింది ఇద్దరు. ఆ ఇద్దరూ కింది గుంపులోనే ఉన్నారనుకున్నా విచక్షణ 12లో 2, అంటే 0.17 దాటదు. దానికి 0.20 రావడం అసాధ్యం. రాలేదని శిక్షిస్తే ఎలా? పిల్లలకి ధైర్యం రావడానికి అలాంటిది మొదట్లో ఒకటి ఉండాలి, ఉండనివ్వు.

సుజాత గారూ, 12వ బిట్‌కి ఎంతమందికి వచ్చిందన్నది వదిలేసి, ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో రెండు గుంపులకీ విడిగా రాసి ఇక్కడ పెట్టండి. ప్రశ్నని కూడా మీరు అచ్చు వేసినట్టే, ఒక్క మాట మార్చకుండా పెట్టండి.

---

సుజాత_పీఎస్ · 10:41

ఇదిగోండి మాస్టారూ.

"ఒక లోహపు తీగ పొడవును రెట్టింపు చేస్తే దాని నిరోధం: ఎ) సగమవుతుంది బి) రెట్టింపవుతుంది సి) నాలుగు రెట్లవుతుంది డి) మారదు." నా కీ: బి.

| | ఎ | బి | సి | డి |
|---|---|---|---|---|
| పై 12 | 0 | 3 | 9 | 0 |
| మధ్య 20 | 2 | 12 | 5 | 1 |
| కింది 12 | 2 | 7 | 1 | 2 |

ఇప్పుడు చూస్తుంటే వెన్నులో వణుకు పుడుతోంది. పైవాళ్ళు 9 మంది సి పెట్టారు.

---

దుర్గాప్రసాద్_జేఎల్ · 11:03

వాళ్ళదే కరెక్టు మేడమ్. మీ చేతిలో ఒక తీగ ఉంది, "దాని" పొడవు రెట్టింపు చేయాలంటే సాగదీయాలి. సాగదీస్తే ఉన్న లోహం అంతే కాబట్టి మధ్యచ్ఛేద వైశాల్యం సగమవుతుంది. పొడవు వల్ల రెండింతలు, సన్నబడినందుకు ఇంకో రెండింతలు, మొత్తం నాలుగు. ఇంటర్‌లో మేం ప్రతి ఏడూ అడిగే లెక్క ఇది. మీరు మనసులో అనుకున్నది "అంతే మందం ఉన్న, రెండింతల పొడవున్న ఇంకో తీగ". ఆ మాట ప్రశ్నలో లేదు.

---

సుజాత_పీఎస్ · 11:12

నిజమే సర్. నిరోధం పొడవుకి అనులోమానుపాతంలో ఉంటుందని బోర్డు మీద రాశాను, ఆ వాక్యం పట్టుకునే ప్రశ్న తయారుచేశాను. "మధ్యచ్ఛేద వైశాల్యం మారకుండా" అన్న ముక్క నా బుర్రలోనే ఉండిపోయింది. ఆ వాక్యాన్ని బట్టీ పట్టినవాళ్ళకి మార్కు వచ్చింది, ఆలోచించినవాళ్ళకి పోయింది.

అయితే కీని సి కి మార్చేస్తే సరిపోతుందా?

---

కిరణ్_మ్యాథ్స్ · 11:20

మార్చితే (9−1)/12, అంటే 0.67. సూపర్ బిట్ అయిపోయింది. సరే, కొట్టేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా 🙂

---

షఫీ_కంప్యూటర్స్ · ఆదివారం ఉదయం 7:05

మేడమ్, చేత్తో లెక్కపెడుతున్నట్టున్నారు. మొదటి వరసలో బిట్ నంబర్లు, రెండో వరసలో కీ, 3 నుంచి 46 దాకా పిల్లలు, ఎ కాలమ్‌లో రోల్ నంబర్, బి నుంచి యు దాకా 20 బిట్లు, వి లో మొత్తం మార్కులు పెట్టుకోండి. మొత్తానికి వి3లో ఇది రాసి కిందకి లాగండి:

```
=SUMPRODUCT(--(B3:U3=$B$2:$U$2))
```

తర్వాత 3 నుంచి 46 వరకు ఉన్న వరసల్ని వి కాలమ్ మీద పెద్దది ముందు వచ్చేలా సార్ట్ చేయండి. కీ వరస సార్ట్‌లోకి రాకూడదు. 12వ బిట్ ఎం కాలమ్‌లో ఉంటుంది కాబట్టి దాని రెండు సూచికలు:

```
=COUNTIF(M3:M46,M2)/44
=(COUNTIF(M3:M14,M2)-COUNTIF(M35:M46,M2))/12
```

కీ మార్చాలంటే ఎం2లో ఒక్క అక్షరం మారిస్తే చాలు. ఒక జాగ్రత్త. టైప్ చేసేటప్పుడు అక్షరం పక్కన స్పేస్ పడితే కంటికి కనిపించదు, షీట్ మాత్రం దాన్ని తప్పు జవాబు కింద లెక్కేస్తుంది. ఒక స్కూల్ వాళ్ళ షీట్‌లో ఒకే పిల్లకి వరసగా ఆరు బిట్లు తప్పని వస్తే చూశా, ఆరింటికీ స్పేస్ ఉంది.

---

రామకృష్ణ_డైట్ · ఉదయం 8:30

షఫీ గారు మంచి పని చేశారు. అయితే కిరణ్ కట్టిన 0.67 ఇంకా పూర్తయిన లెక్క కాదు. కీ మారితే పిల్లల మొత్తం మార్కులు మారతాయి. సి పెట్టినవాడికి ఒకటి పెరుగుతుంది, బి పెట్టినవాడికి ఒకటి తగ్గుతుంది. అప్పుడు పై 12 మంది పాతవాళ్ళే అవ్వాలని లేదు. మళ్ళీ సార్ట్ చేసి, అన్ని బిట్లకీ తిరిగి కట్టాలి. ముఖ్యంగా గుంపు అంచున ఉన్నవాళ్ళని చూడండి.

---

సుజాత_పీఎస్ · ఉదయం 9:15

మీరన్నట్టే అయింది. అసలు అంచు దగ్గర మొదటే ఒక ఇబ్బంది వచ్చింది, చిన్న విషయమని చెప్పలేదు. 12వ స్థానంలోనూ 13వ స్థానంలోనూ ఉన్న ఇద్దరికీ 14 మార్కులే. రోల్ నంబర్ ముందున్న అబ్బాయిని పైకి తీసుకున్నాను. ఇప్పుడు ఆ అబ్బాయికి 13 అయ్యాయి (బి పెట్టాడు), 13వ స్థానంలోని అమ్మాయికి 15 అయ్యాయి (సి పెట్టింది). అబ్బాయి బయటికి వెళ్ళాడు, అమ్మాయి లోపలికి వచ్చింది. కింది 12 మంది మారలేదు.

12వ బిట్‌కి పై గుంపులో ఇప్పుడు 10 మంది, విచక్షణ 0.75. విచిత్రం ఏమిటంటే నేను ముట్టుకోని 7వ బిట్ కూడా మారింది. ఆ అబ్బాయి దాన్ని తప్పు పెట్టాడు, ఈ అమ్మాయి సరిగ్గా పెట్టింది. 0.58 కాస్తా 0.67 అయింది.

---

రామకృష్ణ_డైట్ · ఉదయం 9:50

చూశారా, ఒక్క పిల్ల అటు ఇటు అయితే 12లో ఒక వంతు, 0.08 కదిలింది. చిన్న తరగతిలో ఈ అంకెకి ఉన్న బలం ఇంతే. ఎవరైనా "ఈ బిట్‌కి 0.42, ఆ బిట్‌కి 0.33, కాబట్టి ఇది మంచిది, అది ఓ మోస్తరు" అంటే, తేడా ఒక్క పిల్లవాడిది అని చెప్పండి. −0.33 ఉన్నది 0.75 అయితే మాత్రం అది ఒకరిద్దరి వల్ల వచ్చింది కాదు.

సమానంగా మార్కులు వచ్చినప్పుడు ఎవరిని తీసుకోవాలన్నది ముందే నిర్ణయించుకుని ఉండాలి. రోల్ నంబరైనా సరే, చీటీ తీసినా సరే. ఫలితం చూశాక ఎంచుకోకూడదు.

0.75 కొంచెం ఉబ్బిన అంకె అని కూడా గుర్తుంచుకోండి. ఆ అమ్మాయి పై గుంపులోకి వచ్చిందే 12వ బిట్ మార్కుతో. ఆ బిట్‌ని ఆ బిట్‌తోనే కొలిచినట్టయింది. 20 బిట్ల పరీక్షలో ఇది ఎప్పుడూ కొద్దిగా ఉంటుంది. వద్దనుకుంటే ఆ ఒక్క బిట్ తీసేసి మిగతా 19 మార్కుల మీద పేర్చి చూడొచ్చు.

---

పద్మ_లెక్చరర్ · ఉదయం 10:22

దీనికి దగ్గరగా నాకు జరిగింది చెబుతాను. డిగ్రీ ఇంటర్నల్ పరీక్షకి నాలుగు సెట్లు ఇచ్చాం, బిట్ల వరస మార్చి. జవాబులు ఎక్కించిన కుర్రాడు అందరికీ ఎ సెట్ కీనే వాడాడు. విచక్షణ అన్ని బిట్లకీ అద్భుతంగా వచ్చింది, 0.40కి తగ్గింది ఒక్కటీ లేదు. ఇంత బాగా పేపర్ తయారుచేశానా అని మురిసిపోయాను.

కఠినత చూస్తే దాదాపు అన్నీ 0.30 చుట్టూ ఉన్నాయి. నా క్లాస్ అంత అధ్వాన్నం కాదే అని పై గుంపు పేర్లు చూశాను. అందరూ ఎ సెట్ వాళ్ళే! మిగతా మూడు సెట్ల వాళ్ళకి గుడ్డిగా పెట్టినన్ని మార్కులే వచ్చాయి. అంటే ఆ విచక్షణ చదువుని కాదు, సెట్టుని విడదీసింది. అప్పటినుంచి అంకె చూసే ముందు పై గుంపు పేర్లు చదువుతున్నాను.

---

కిరణ్_మ్యాథ్స్ · ఉదయం 10:40

అమ్మో, ఇది నాకు తట్టేది కాదు.

ఒక డౌట్ మాస్టారూ. 27 శాతమే ఎందుకు? బీఈడీలో బట్టీ పట్టాం, కారణం ఎవరూ చెప్పలేదు. షీట్‌లో 44 మందీ ఉన్నప్పుడు మధ్య 20 మందిని పారేయడం దేనికి?

---

రామకృష్ణ_డైట్ · ఉదయం 11:05

ట్రూమన్ కెలీ 1939లో తేల్చిన లెక్క అది. గుంపులు మరీ చిన్నవైతే పైవాళ్ళకీ కిందవాళ్ళకీ తేడా బాగా కనిపిస్తుంది గానీ మనుషులు తక్కువై అంకె నిలవదు. మరీ పెద్దవైతే మనుషులుంటారు గానీ తేడా పలచబడుతుంది. మార్కులు నార్మల్ వక్రంలా పరుచుకుంటాయనుకుంటే, ఈ రెండింటికీ రాజీ 27 దగ్గర కుదిరింది. వందల పేపర్లని చేత్తో కట్టలు కట్టి లెక్కపెట్టే రోజులవి, మధ్య కట్ట ముట్టుకోకపోతే సగం శ్రమ తప్పేది.

44 మంది తరగతికి నేనైతే మూడో వంతు తీసుకుంటాను. షీట్ ఉంటే అందరినీ కలిపి, బిట్ మార్కుకీ మిగతా 19 మార్కులకీ సహసంబంధం కట్టడం ఇంకా మేలు. అయినా పై గుంపు, కింది గుంపు ఆప్షన్ల పట్టిక మాత్రం వదులుకోను. సుజాత గారి బిట్ గుట్టు బయటపడింది ఆ పట్టికలోనే.

---

షఫీ_కంప్యూటర్స్ · ఉదయం 11:18

మరి 18వ బిట్?

---

సుజాత_పీఎస్ · ఉదయం 11:47

అది నా తప్పే, షఫీ గారూ. నాలుగు ఆప్షన్లూ 3.6 పక్కన పది ఘాతాలు మార్చి ఇచ్చాను. పైవాళ్ళలోనూ కిందవాళ్ళలోనూ జవాబులు నాలుగింటికీ చెల్లాచెదురుగా ఉన్నాయి, ఏ ఒక్కదానికీ మొగ్గు లేదు. గుడ్డిగా పెడితే 44లో 11 మందికి రావాలి, 9 మందికి వచ్చింది. కిలోవాట్ అవర్ చివరి పీరియడ్‌లో గంట కొడుతుండగా చెప్పాను. మళ్ళీ చెప్పి మళ్ళీ అడుగుతాను, బిట్ మార్చను.

అసలు గొడవ 12వ బిట్ మార్కులది. సి కే ఇస్తే బి పెట్టిన 22 మందికి వచ్చిన మార్కు లాక్కోవాలి. నేను రాసిన వాక్యం నమ్మి పెట్టారు వాళ్ళు. అందుకని రెండింటికీ ఇచ్చేద్దామనుకుంటున్నాను. అలా చేస్తే సరైనవి 37, పై గుంపులో 12, కింది గుంపులో 8, విచక్షణ 0.33.

---

దుర్గాప్రసాద్_జేఎల్ · మధ్యాహ్నం 12:10

నేను ఒప్పుకోను. ప్రశ్నలో ఉన్న మాటలకి జవాబు ఒక్కటే, సి. రెండూ సరే అంటే, సన్నబడుతుందని ఆలోచించిన పిల్లకి మీరు ఇచ్చే సందేశం ఏమిటి?

---

పద్మ_లెక్చరర్ · 12:25

పదో తరగతి పిల్లలకి సాగదీసే లెక్క క్లాసులో చెప్పారో లేదో కూడా చూడాలి కదా సర్. చెప్పకపోతే బి పెట్టినవాళ్ళని తప్పుపట్టలేం. రెండింటికీ ఇవ్వడమే న్యాయం.

---

లక్ష్మి_పేరెంట్ · 12:31

మా వాడిని అడిగాను. "ఇంకో తీగ కలిపి అతికిస్తే కూడా పొడవు రెట్టింపవుతుంది కదా" అన్నాడు. అప్పుడు బి నే కదండీ?

---

దుర్గాప్రసాద్_జేఎల్ · 12:58

హ్హహ్హ, పిల్లాడు గట్టివాడే. దానికి నా దగ్గర జవాబు లేదు.

సుజాత గారూ, మీరందరూ 12 మీదే ఉన్నారు గానీ నన్ను కలవరపెడుతున్నది 7వ బిట్, మీరు బాగా వచ్చిందని వదిలేసినది. 2, 3, 6 ఓములు. వ్యుత్క్రమాలు కలపండి: సగం, మూడో వంతు, ఆరో వంతు. మొత్తం 1. దాన్ని మళ్ళీ తిరగేస్తేనే నిరోధం. 1ని తిరగేసినా 1. చివర తిరగేయడం మర్చిపోయిన పిల్లవాడికి కూడా సరైన జవాబే వస్తుంది! సమాంతర సంధానంలో పిల్లలు ఎక్కువగా చేసే తప్పు అదే, మీ బిట్ దాన్ని పట్టుకోలేదు. 0.58 వచ్చినా 0.67 వచ్చినా ఆ సంగతి అంకెలో కనిపించదు.

---

రామకృష్ణ_డైట్ · మధ్యాహ్నం 1:20

శభాష్. 2, 3, 6 నేను కూడా ఏళ్ళ తరబడి ఇచ్చాను, లెక్క శుభ్రంగా తెగుతుందని. అందుకే తెగుతోందని ఇవాళ తెలిసింది. 7వ బిట్‌కి ఆప్షన్లు ఏమిచ్చారు సుజాత గారూ?

---

సుజాత_పీఎస్ · మధ్యాహ్నం 1:34

11, 1, 6, 0. కింది గుంపులో 7 మంది 11 పెట్టారు, శ్రేణిలోలా కలిపేసి. ఆ ఆప్షన్ బాగా పనిచేసింది. 0 ని 44 మందిలో ఒక్కరూ ముట్టుకోలేదు, చోటు నింపడానికి పెట్టిందే అది. మార్చి మళ్ళీ ఇస్తాను: 3, 6 ఓములు సమాంతరంగా. జవాబు 2. తిరగేయడం మర్చిపోతే 0.5, శ్రేణిలా కలిపితే 9, గుణించి వదిలేస్తే 18. రేపు మొదటి పీరియడ్ నాదే.

---

సుజాత_పీఎస్ · సోమవారం సాయంత్రం 5:40

ఇవాళ 41 మంది వచ్చారు. చీటీల మీద ఒక్క బిట్టే రాయించాను. 2 పెట్టినవాళ్ళు 19, 9 పెట్టినవాళ్ళు 11, 0.5 పెట్టినవాళ్ళు 9, 18 పెట్టినవాళ్ళు 2.

0.5 పెట్టిన 9 మందిని పాత షీట్‌లో వెతికాను. వాళ్ళలో ఆరుగురు 7వ బిట్‌కి సరైన జవాబు పెట్టినవాళ్ళే. ఇద్దరు పై 12లో ఉన్నారు, అందులో ఒకరు కీ మార్చాక లోపలికి వచ్చిన అమ్మాయి. బోర్డు దగ్గరికి పిలిచి చేయమంటే ఒకటి బై మూడు, ఒకటి బై ఆరు కలిపి ఒకటి బై రెండు అని రాసి, చాక్‌పీస్ పెట్టేసి "అయిపోయింది మేడమ్" అంది.

12వ బిట్‌కి రెండింటికీ మార్కు ఇచ్చేశాను. దుర్గాప్రసాద్ గారు కోప్పడకండి.

---

దుర్గాప్రసాద్_జేఎల్ · సోమవారం సాయంత్రం 6:02

కోపం లేదు, ఒప్పుకోలూ లేదు. కానీ ఆ ఆరుగురి పాత చిత్తు కాగితాలు ఉంటే ఒకసారి చూడండి. 7వ బిట్‌కి వాళ్ళు 1 దగ్గరే ఆగారా, తిరగేశారా?

---

సుజాత_పీఎస్ · సోమవారం సాయంత్రం 6:15

చిత్తు కాగితాలు అదే రోజు పారేశాం సర్.